జూన్ నుంచి బిల్లుల లిస్టు ఒకే షీట్‌లో: సప్లయర్లు అడుగుతున్న ప్రశ్నలు, మా అకౌంట్స్ జవాబులు

మాది విజయవాడలో పైపులు, ఫిట్టింగ్‌లు, శానిటరీ సామాను హోల్‌సేల్ వ్యాపారం. సరుకు కొంత ఇక్కడే కొంటాం, చాలావరకు హైదరాబాద్ నుంచి తెప్పిస్తాం. సరుకు పంపే అందరికీ మా అకౌంట్స్ నుంచి ఈమధ్య ఒక మెయిల్ వెళ్లింది. అది చూసి చాలామంది ఫోన్ చేశారు. కొందరు సందేహాలు అడిగారు, కొందరు "మళ్లీ ఇదొక పనా" అని విసుక్కున్నారు. అడిగినవాటికీ విసుక్కున్నవాటికీ జవాబులు ఇక్కడ రాస్తున్నాం.

అసలు మెయిల్‌లో ఏముంది? మాకు సరిగా అర్థం కాలేదు.

మెయిల్ ఇది:

> సప్లయర్లందరికీ నమస్కారం. 2025 జూన్ నెల బిల్లుల నుంచి, మీరు మాకు వేసిన బిల్లులు, క్రెడిట్ నోట్ల లిస్టును ఈ మెయిల్‌తో జత చేసిన ఎక్సెల్ షీట్‌లోనే పంపాలని కోరుతున్నాం. కాలమ్‌లు మొత్తం పదకొండు. వాటి పేర్లు, వరుస మార్చవద్దు. ఒక బిల్లుకు ఒకే వరుస. నెల ముగిశాక 7వ తేదీలోగా అందితే, మీ రిటర్న్ దాఖలయ్యేలోపే తేడాలు చూసి చెప్పగలం. బిల్లుల కాపీలు ఎప్పటిలాగే సరుకుతో పాటు పంపండి. బ్యాంకు వివరాలు ఏవీ పంపనవసరం లేదు.

షీట్ మొదటి వరుసలో ఉన్న పేర్లు ఇవి:

```
GSTIN, DOC_TYPE, DOC_NO, DOC_DATE, TAXABLE, CGST,
SGST, IGST, ROUND_OFF, TOTAL, OUR_PO
```

వరుసగా చెప్పాలంటే మీ జీఎస్టీ నంబరు, అది బిల్లా నోటా అన్నది, దాని నంబరు, తేదీ, పన్ను వేయకముందు విలువ, మూడు రకాల పన్నులు, రౌండ్ ఆఫ్, మొత్తం, మేం ఇచ్చిన పర్చేజ్ ఆర్డర్ నంబరు. ఐటమ్‌ల పేర్లు, రేట్లు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు అడగలేదు, అవి బిల్లులోనే ఉంటాయి. ఒకే బిల్లులో రెండు రకాల పన్ను రేట్లున్నా ఒకే వరుసలో కూడి రాయండి. రేట్ల వారీగా విడదీసే పని మేం చూసుకుంటాం.

ఇన్నాళ్లూ మా పద్ధతిలోనే పంపాం కదా. ఇప్పుడేమొచ్చింది?

ఇన్నాళ్లూ ఒకరు టాలీ లెడ్జర్ పీడీఎఫ్ పంపారు, ఒకరు వాట్సాప్‌లో ఫొటో పెట్టారు, ఇంకొకరు మెయిల్‌లోనే "ఈ నెల మొత్తం ఇంత" అని ఒక్క వాక్యం రాశారు. వాటన్నిటినీ మా అబ్బాయి ఒకరు కూర్చుని టైప్ చేసేవాడు. అలా టైప్ చేసేటప్పుడు 85,450 కాస్తా 84,550 అవుతుంది. (తేడా 9తో నిశ్శేషంగా భాగిస్తే రెండు అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూడాలి. ఇక్కడ తేడా 900. పాత గుమాస్తాలందరికీ తెలిసిన కిటుకే ఇది.)

ఇప్పుడు మేం మూడు లిస్టుల్ని పక్కపక్కన పెట్టి సరిచూస్తున్నాం. ఒకటి మీరు పంపే లిస్టు. రెండోది మా పర్చేజ్ రిజిస్టర్. మూడోది ప్రభుత్వ పోర్టల్‌లో మాకు కనిపించే జీఎస్టీఆర్-2బీ. 2022 జనవరి 1 నుంచి చట్టం ప్రకారం, మీరు మీ జీఎస్టీఆర్-1లో చూపి, అది మా 2బీలో కనిపించిన బిల్లుకే మాకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. సరుకు దిగినా, డబ్బు కట్టినా, బిల్లు చేతిలో ఉన్నా, 2బీలో లేకపోతే ఆ పన్ను మా నెత్తినే పడుతుంది.

మూడు లిస్టుల్నీ కలిపేది కంప్యూటర్. అది జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే అయితేనే "ఇది అదే బిల్లు" అనుకుని, ఆ తర్వాత అంకెలు పోల్చి చూస్తుంది. ఆ మూడింట్లో ఏ ఒక్కటి తేడా ఉన్నా అది "పొరపాటు" అని చూపదు. "మీ దగ్గరున్న బిల్లు మా దగ్గర లేదు" అని ఒకటి, "మా దగ్గరున్న బిల్లు మీ దగ్గర లేదు" అని మరొకటి, రెండు కొత్త సమస్యలు చూపిస్తుంది. అలా ఉత్తుత్తి తేడాలు నలభై వస్తే, వాటి మధ్య దాక్కున్న అసలు తేడా ఎవరి కంటా పడదు. కాలమ్‌ల విషయంలో మా పట్టుదల అంతా దీనికోసమే.

7వ తేదీ ఎందుకు? పదిహేను దాకా ఆగితే ఏం పోతుంది?

పోయేది మీ దగ్గరే ఉంది. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు జీఎస్టీఆర్-1 తర్వాతి నెల 11వ తేదీలోగా వేస్తారు. 14న మా 2బీ తయారవుతుంది. 20వ తేదీకి మేం 3బీ వేసి పన్ను కట్టాలి. మీ లిస్టు 7న అందితే, ఏదైనా బిల్లులో మా జీఎస్టీ నంబరు తప్పు పడిందనో, ఒక బిల్లు వదిలేశారనో 9కల్లా చెప్పగలం. మీరు రిటర్న్ వేయకముందే సరిచేసుకుంటారు, విషయం అక్కడితో సరి.

11 దాటాక చెబితే దారి ఉంది గానీ సుళువు కాదు. మీరు 3బీ వేయకముందైతే జీఎస్టీఆర్-1ఏలో సరిదిద్దుకోవచ్చు. కానీ ఆ దిద్దుబాటు మాకు కనిపించేది తర్వాతి నెల 2బీలో. అంటే ఒక నెలపాటు ఆ పన్ను డబ్బు మేం చేతి నుంచి పెట్టుకోవాలి.

మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న సప్లయర్లకు (క్యూఆర్‌ఎంపీలో ఉన్నవాళ్లకు) గడువు 13. త్రైమాసికం మొదటి రెండు నెలల బిల్లుల్ని ఐఎఫ్‌ఎఫ్‌లో 13లోగా ఎక్కించే వీలుంది. అది తప్పనిసరి కాదు. మీరు ఎక్కించకపోతే ఏప్రిల్ బిల్లు క్రెడిట్ మాకు జులైలో గానీ దక్కదు. ఎక్కించేవాళ్లు, ఎక్కించనివాళ్లు ఎవరో మాకు ముందే చెబితే ప్రతి నెలా ఫోన్ చేసి విసిగించం.

తేదీ మేం 03/06/2025 అని రాస్తాం. మీరేమో 03-Jun-2025 అంటున్నారు. అంత పట్టింపు దేనికి?

జరిగింది ఒకటి చెబుతాం, పేరు లేకుండా. హైదరాబాద్ సప్లయర్ ఒకరు జూన్‌లో మాకు మూడు బిల్లులు, ఒక క్రెడిట్ నోట్ వేశారు. బిల్లులు 3, 12, 24 తేదీలవి. వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తేదీని 03/06/2025 అని రోజు ముందు పెట్టి ఇచ్చింది. ఆ ఫైల్ తెరిచిన కంప్యూటర్‌లో విండోస్ రీజియన్ అమెరికాగా ఉంది. అమెరికా లెక్కలో నెల ముందు, రోజు తర్వాత. ఇక ఏమైందో చూడండి.

3వ తేదీ బిల్లు మార్చి 6 అయింది. అంటే 2024-25 ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోయింది. 12వ తేదీ బిల్లు డిసెంబర్ 6 అయింది, అంటే అప్పటికి ఇంకా రాని తేదీ. 24వ నెల అంటూ ఉండదు కాబట్టి మూడో బిల్లును ఎక్సెల్ తేదీగా ఒప్పుకోక, ఉత్త అక్షరాలుగా వదిలేసింది. మా ప్రోగ్రామ్ జూన్ బిల్లులు ఏరితే ఆ సప్లయర్ దగ్గర మేం జూన్‌లో ఏమీ కొననట్టు తేలింది. మూడు బిల్లుల మీద 48,550 రూపాయల 59 పైసల ఐజీఎస్టీ ఉంది, దానికి జత దొరకలేదు. 2బీలో బిల్లులన్నీ భేషుగ్గా ఉన్నాయి. తప్పు షీట్‌లో మాత్రమే. అది కనిపెట్టడానికి ఒక పూట పోయింది.

12వ తేదీ దాకా పడే బిల్లులన్నిటికీ ఈ ప్రమాదం ఉంది. 13 నుంచి మాత్రం ఎక్సెల్ వాటిని తేదీగా ఒప్పుకోక అక్షరాలుగా వదిలేస్తుంది. అందుకే ఇది సగం బిల్లుల్లో కనబడి సగం బిల్లుల్లో కనబడదు. మీ షీట్‌లో ఇలా అయిందో లేదో తెలుసుకోవడం తేలికే. తేదీ కాలమ్‌ను ఎక్కడా లెఫ్ట్, రైట్ చేయకుండా మామూలుగా చూడండి. ఎక్సెల్ తేదీగా గుర్తించినవి గడిలో కుడివైపుకు, అక్షరాలుగా ఉండిపోయినవి ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఒకే కాలమ్‌లో కొన్ని ఇటు, కొన్ని అటు ఉంటే కొంప మునిగినట్టే. 12 దాకా ఉన్న తేదీలన్నీ ఒకసారి బిల్లులతో సరిచూడండి.

నెలను అక్షరాల్లో `Jun` అని రాస్తే ఏ దేశపు సెట్టింగ్ అయినా రోజునీ నెలనీ తారుమారు చేయలేదు. జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్‌లో కూడా తేదీ ఈ తీరులోనే అడుగుతారు, కాబట్టి మీ అకౌంటెంట్‌కు ఇది కొత్త కాదు.

బిల్లు నంబరులో ముందున్న సున్నాలు పోతున్నాయి. ఎలా ఆపాలి?

మేం పంపిన షీట్‌లో `DOC_NO` కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టాం. అందులో నేరుగా టైప్ చేస్తే 0417 అలాగే ఉంటుంది. చిక్కు వచ్చేది వేరే షీట్ నుంచి కాపీ చేసినప్పుడు. మామూలుగా పేస్ట్ చేస్తే అక్కడి ఫార్మాట్ కూడా వచ్చి మా సెట్టింగ్‌ను తుడిచేస్తుంది. పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకోండి. అయితే మీ పాత షీట్‌లోనే అది 417గా మారిపోయి ఉంటే ఏ పేస్ట్ చేసినా సున్నా తిరిగి రాదు. మూలం దగ్గరే చూసుకోవాలి.

సున్నాలు ఒక్కటే కాదు. 12-6 అనే బిల్లు నంబరును ఎక్సెల్ తేదీ అనుకుని `12-Jun` చేస్తుంది. 1E05 లాంటి నంబరును ఒకటి పక్కన అయిదు సున్నాలుగా చదువుతుంది. ఒట్టి నంబర్లే వాడేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. HYD/0417 లాంటి సిరీస్ ఉన్నవాళ్లకు ఉండదు. నిబంధన ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు. అక్షరాలు, అంకెలు, హైఫన్, స్లాష్ వాడొచ్చు. వచ్చే ఏప్రిల్‌లో కొత్త సిరీస్ మొదలుపెట్టేటప్పుడు ముందు రెండు మూడు అక్షరాలు పెట్టుకుంటే ఈ తలనొప్పి మొత్తం పోతుంది. ఏడాది మధ్యలో మాత్రం మార్చొద్దు, మాకోసం అసలే వద్దు.

ఇంకొక్క మాట. మీరు పోర్టల్‌లో ఎక్కించిన నంబరు ఎలా ఉందో షీట్‌లో అలాగే రాయండి. బిల్లు మీద HYD/0417 అని, రిటర్న్‌లో HYD0417 అని, షీట్‌లో HYD / 0417 అని ఉంటే మనుషులకు ఒకటే, కంప్యూటర్‌కు మూడు బిల్లులు.

క్రెడిట్ నోట్‌ను మైనస్‌లో రాయాలా?

వద్దు. `DOC_TYPE`లో `CN` అని పెట్టి, అంకెలు మామూలుగా ప్లస్‌లోనే రాయండి. తీసివేసేది మా షీట్ చూసుకుంటుంది. బిల్లుకు `INV`, డెబిట్ నోట్‌కు `DN`. 2బీలో కూడా క్రెడిట్ నోట్లు వేరే పేజీలో ప్లస్ అంకెలతోనే వస్తాయి. కొందరు మైనస్ పెట్టి, కొందరు బ్రాకెట్లలో రాసి, కొందరు `Cr` అని చేర్చి పంపితే పోల్చడం కుదరదు.

పైన చెప్పిన సప్లయర్ షీటే తేదీలు సరిచేశాక ఇలా ఉండాలి (జీఎస్టీ నంబరు నమూనా మాత్రమే, చోటు కోసం రెండు పేర్లు కుదించాం, అన్ని కాలమ్‌లూ చూపడం లేదు):

```
GSTIN            TYPE  DOC_NO      DOC_DATE     TAXABLE    IGST      ROUND  TOTAL
36AAAAA0000A1ZX  INV   HYD/0417    03-Jun-2025  120000.00  21600.00   0.00  141600.00
36AAAAA0000A1ZX  INV   HYD/0431    12-Jun-2025   85450.00  15381.00   0.00  100831.00
36AAAAA0000A1ZX  INV   HYD/0448    24-Jun-2025   64275.50  11569.59  -0.09   75845.00
36AAAAA0000A1ZX  CN    HYD/CN/012  27-Jun-2025   10000.00   1800.00   0.00   11800.00
```

మూడు బిల్లులు కలిపి 3,18,276. అందులోంచి క్రెడిట్ నోట్ 11,800 తీస్తే 3,06,476. ఆ సప్లయర్ మొదట పంపిన లిస్టులో నోట్‌ను బిల్లుల్లో కలిపేసి 3,30,076 అని చూపారు. తేడా 23,600. ఇలాంటప్పుడు మేం ముందుగా ఆ తేడాను సగం చేసి చూస్తాం. సగం 11,800 అయింది, ఆ అంకెతోనే లిస్టులో ఒక నోట్ ఉంది. అంటే తీసేయాల్సింది కూడారని అర్థం. మీరు పంపేముందు మీ మొత్తాన్ని ఇలా చూసుకుంటే మా ఫోన్ రాదు.

ఇందులోనే ఎక్కువమంది పొరబడే చోటు ఇంకొకటుంది. సరుకు వాపసు పంపినప్పుడు మేం మీకు డెబిట్ నోట్ ఇస్తాం, అది మా పుస్తకాల కోసం. జీఎస్టీలో లెక్కకొచ్చేది మీరు మాకు వేసే క్రెడిట్ నోట్. షీట్‌లో మీ క్రెడిట్ నోట్ నంబరు రాయాలి, మా డెబిట్ నోట్ నంబరు కాదు. `DN` అనేది మీరు మాకు అదనంగా వసూలు చేయడానికి వేసే నోట్‌కే. వాపసు సరుకుకు `DN` పెడితే తీసివేయాల్సింది కూడిక అవుతుంది.

రౌండ్ ఆఫ్‌కు ప్రత్యేకంగా కాలమా? పైసల కోసం ఇంత గొడవా?

పైసల గురించి మేం గొడవ పడం. ఒక బిల్లుకు రూపాయి లోపు తేడా వస్తే పట్టించుకోకుండా వదిలేస్తాం. కాలమ్ పెట్టింది వేరే కారణానికి. పై లిస్టులో మూడో బిల్లు చూడండి. 64,275.50 మీద 18 శాతం 11,569.59. రెండూ కలిపితే 75,845.09. బిల్లు మీద 75,845 వేశారు. ఆ తొమ్మిది పైసలకు చోటు లేకపోతే కొందరు దాన్ని పన్ను విలువలో సర్దేస్తారు. అప్పుడు షీట్‌లో పన్ను 11,569.50 అవుతుంది, 2బీలో 11,569.59 ఉంటుంది. పన్ను అంకె మాత్రం పైసతో సహా పోర్టల్‌లో ఉన్నట్టే ఉండాలి. రౌండ్ ఆఫ్ తగ్గితే ముందు మైనస్ గుర్తు పెట్టండి. షీట్ మొత్తంలో మైనస్ ఉండగలిగేది ఈ ఒక్క కాలమ్‌లోనే.

పంపేముందు ప్రతి వరుసా సరిపోయిందో చూడటానికి ఖాళీగా ఉన్న ఎం కాలమ్‌లో ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగండి:

```
=ROUND(E2+F2+G2+H2+I2-J2,2)
```

అన్నిచోట్లా సున్నా రావాలి. వేరే అంకె వస్తే ఆ వరుసలో ఏదో తప్పింది. `#VALUE!` అని వస్తే అంకెల గడిలో అంకె కానిది ఉందని అర్థం. ఎక్కువగా అది "రూ." గానీ, చివర చేర్చిన "Dr" గానీ అయి ఉంటుంది. కామాలు కూడా వేయకండి. 1,20,000 అని మన లక్షల పద్ధతిలో కామాలు పెడితే కొన్ని కంప్యూటర్లు అంకెగా తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు.

పన్ను లేని గడి ఖాళీగా వదలొచ్చా?

వద్దు, 0 వేయండి. ఖాళీ గడి చూస్తే పన్ను లేదా, రాయడం మరిచారా అన్నది మాకు తెలియదు. కాంపోజిషన్‌లో ఉండి బిల్ ఆఫ్ సప్లై ఇచ్చేవాళ్లు మూడు పన్నుల కాలమ్‌లలోనూ 0 వేస్తే చాలు. `OUR_PO` ఒక్కటే ఖాళీగా ఉండొచ్చు, ఎందుకంటే ఫోన్ మీద చెప్పి తెప్పించిన సరుకుకు మేమే ఆర్డర్ నంబరు ఇవ్వం.

మాకు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ బ్రాంచీలున్నాయి. రెండు షీట్లు పంపాలా?

ఒకే షీట్ చాలు, వరుస వరుసకూ ఏ జీఎస్టీ నంబరుతో బిల్లు వేశారో అది రాయండి. నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. 36 తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్. మాది 37. కాబట్టి 36తో మొదలయ్యే వరుసలో ఐజీఎస్టీ, 37తో మొదలయ్యే వరుసలో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సగం సగం ఉండాలి. 37 వరుసలో ఐజీఎస్టీ కనిపిస్తే మా షీట్ ఎర్రగా చూపుతుంది. బ్రాంచి నంబర్లు తారుమారైనప్పుడు ముందుగా బయటపడేది ఇలాగే.

జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. కాపీ చేసినప్పుడు చివర కనిపించని ఒక స్పేస్ అతుక్కుంటూ ఉంటుంది. అనుమానమొస్తే `=LEN(A2)` కొట్టి చూడండి. 16 వస్తే స్పేస్ ఉన్నట్టే.

రవాణా ఛార్జీ ఎక్కడ రాయాలి?

మీ బిల్లులోనే కలిపి, దాని మీద కూడా పన్ను వేసి ఉంటే `TAXABLE`లోనే కలపండి. లారీవాళ్లకు మేం విడిగా కట్టింది ఈ షీట్‌లోకి రాదు.

టాలీ నుంచి నేరుగా వస్తుందా, చేత్తో కొట్టాలా?

చాలావరకు నేరుగా వస్తుంది. టాలీప్రైమ్‌లో మా ఖాతా ఒక్కదాని బిల్లులు తెరిచి, `Alt+F2`తో నెల మార్చుకుని, `Alt+E`తో ఎక్సెల్‌కు ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చిన ఫైల్ మా షీట్‌లా ఉండదు. పైన మీ కంపెనీ పేరు, అడ్రసు నాలుగైదు వరుసలు ఉంటాయి, కింద టోటల్ వరుస ఉంటుంది. ఆ రెండూ వదిలేసి మధ్యలో బిల్లుల వరుసలు మాత్రం కాలమ్ కాలమ్‌గా మా షీట్‌లోకి తెచ్చుకోండి. టోటల్ వరుస పొరపాటున వస్తే మా దగ్గర అదొక పెద్ద బిల్లు అయి కూర్చుంటుంది.

ఒక ముఖ్యమైన విషయం. సేల్స్ రిజిస్టర్ మొత్తం పంపకండి. ఒకరు అలా పంపారు. మా పోటీదారులు ఏ సరుకు ఎంతకు కొంటున్నారో అంతా అందులో ఉంది. ఆ ఫైల్ మేం వెంటనే తీసేసి, విషయం వాళ్లకు చెప్పాం. అందరూ అలా తీసేస్తారని నమ్మకం పెట్టుకోవద్దు. మా ఖాతా వరకే పంపండి.

మాకు ఇంకో కాలమ్ కావాలి, వాహనం నంబరు కోసం. పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి. `OUR_PO`కు కుడివైపున, ఎల్ నుంచి ఎన్ని పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. మా ప్రోగ్రామ్ మొదటి పదకొండే చదువుతుంది. మధ్యలో మాత్రం కాలమ్ చేర్చొద్దు, గడులు మెర్జ్ చేయొద్దు, పేర్లు తెలుగులోకో మీ పద్ధతిలోకో మార్చొద్దు.

పంపాక తప్పు కనబడితే ఆ ఒక్క వరుసే మళ్లీ పంపితే చాలా?

నెల మొత్తం ఫైల్ మళ్లీ పంపండి. కొత్త ఫైల్ రాగానే ఆ నెలకు మీ పాత వరుసలన్నీ తీసేసి కొత్తవి ఎక్కిస్తాం. ఒక్క వరుసే పంపితే మిగతా బిల్లులు మాయమవుతాయి. ఫైల్ పేరు చివర `_R2` అని పెడితే ఏది తాజాదో తెలుస్తుంది:

```
36AAAAA0000A1ZX_2025-06.xlsx
36AAAAA0000A1ZX_2025-06_R2.xlsx
```

ఈ షీట్ పంపకపోతే పేమెంట్ ఆపేస్తారా?

ఆపం. ఈ షీట్ చట్టం అడిగింది కాదు, మేం అడిగింది. బిల్లు గడువు ప్రకారమే డబ్బు వస్తుంది. ఆగేది ఒక సందర్భంలోనే. బిల్లు 2బీలో కనిపించకపోతే ఆ బిల్లులోని పన్ను భాగం మాత్రం, అది కనిపించేదాకా ఆపుతాం. సరుకు విలువ ఆపం. పై ఉదాహరణలో మొదటి బిల్లు 2బీలో రాలేదనుకోండి, 1,20,000 సమయానికి పడుతుంది, 21,600 ఆగుతుంది. షీట్ పంపినవాళ్లకు ఇలా జరగవచ్చని 9వ తేదీకే తెలుస్తుంది, పంపనివాళ్లకు 14 తర్వాత తెలుస్తుంది. తేడా అంతే. అలా ఆపిన డబ్బును కూడా మేం ఎన్నాళ్లో అట్టే పెట్టుకోలేం. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాల్సిన నిబంధన ఉంది.

పేమెంట్లు, పాత బాకీ, మేం కోసిన టీడీఎస్ ఈ షీట్‌లోకి రావు. వాటికి ఖాతా సరిచూసుకునే లెటర్ వేరుగా పంపుతాం. రెండింటినీ కలిపి పంపితే రెండూ టాలీ కావు.

ఇలాంటి మెయిళ్లతో మోసాలు జరుగుతున్నాయి. ఇది మీదే అని ఎలా తెలుసుకోవాలి?

అనుమానించడం మంచిదే. మెయిల్‌కు రిప్లై కొట్టి అడగకండి, మోసగాడైతే అవుననే అంటాడు. మీ దగ్గర ముందు నుంచీ ఉన్న మా నంబరుకు ఫోన్ చేయండి. మెయిల్ కింద ఉన్న నంబరుకు కాదు. మా షీట్‌లో బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ, ఓటీపీ, పోర్టల్ పాస్‌వర్డ్ లాంటివి అడిగే కాలమ్ ఒక్కటి కూడా లేదు, ఇకముందు కూడా ఉండదు. అలాంటివి అడిగే షీట్ ఏదైనా వస్తే అది మాది కాదు. అలాగే మీ పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది" అని మాకు మెయిల్ వస్తే, మేం మీకు ఫోన్ చేసి మాట్లాడాకే మారుస్తాం. అప్పుడు విసుక్కోవద్దు. ఎవరికైనా ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మా షాపులో కంప్యూటర్ లేదు. బిల్లు పుస్తకం మీదే రాస్తాం. మా సంగతి?

మీరు షీట్ చేయనవసరం లేదు. నెలాఖరున మీ బిల్లు పుస్తకంలో మాకు వేసిన బిల్లుల కార్బన్ కాపీలు ఒక్కొక్కటిగా, మొత్తం పేజీ పడేలా ఫొటో తీసి పంపండి. నంబరు, తేదీ మడతలో పోకుండా చూడండి. మేం షీట్‌లో ఎక్కించి, ప్రింట్ తీసి సరుకు తేవడానికి వచ్చే మా ఆటో అబ్బాయితో మీకు పంపుతాం. మీ రిటర్న్ వేసే ఆడిటర్ గారికి ఆ ప్రింటే ఇచ్చుకోవచ్చు, కాకపోతే ఇచ్చేముందు మీ పుస్తకంతో ఒకసారి సరిచూసుకోండి.